ఊపిరికి ఎర ఎలా తగులుకుంది

ఇంగ్లీషులో 'బేటెడ్ బ్రెత్' అని ఒక మాట ఉంది. ఎన్నికల ఫలితాల రోజున, క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లో, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నప్పుడు మనం "ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు" అని రాసే చోట ఇంగ్లీషు వాళ్ళు ఈ మాట వాడతారు. రాసేటప్పుడు మాత్రం చాలామంది చేతికి ఒక అక్షరం అదనంగా వస్తుంది. బి-ఎ-టి-ఇ-డి అని రాయాల్సిన చోట మధ్యలో ఒక 'ఐ' చేరి బి-ఎ-ఐ-టి-ఇ-డి అవుతుంది. పలికితే రెండూ ఒకటే. మొదటిది తగ్గించిన ఊపిరి. రెండోది ఎర గుచ్చిన ఊపిరి.

ఇంగ్లీషు కాపీలు దిద్దడం నా ఉద్యోగం. ఈ 'ఐ' కనిపించినప్పుడల్లా కొట్టేస్తాను. కానీ దాన్ని రాసిన మనిషిని చూసి నవ్వే వాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీయే. ఇంగ్లీషు రాని వాళ్ళు చేసే తప్పు కాదిది. తెలియని మాటను తెలిసిన మాటతో అర్థం చేసుకోవాలని బుర్ర చేసే ప్రయత్నం. ఇంగ్లీషు భాషలో ఇవాళ అందరూ ఒప్పని రాస్తున్న మాటల్లో కొన్ని సరిగ్గా ఇలాగే పుట్టాయి. అయినా ఈ తప్పును దిద్దాల్సిందేనని కూడా నా అభిప్రాయం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ 'బేట్' ఎవరో చూద్దాం. అది 'అబేట్' అనే క్రియకు ముందు అక్షరం రాలిపోయిన రూపం. అబేట్ అంటే తగ్గడం, తగ్గించడం. పాత ఫ్రెంచిలో 'కొట్టి పడేయడం' అనే అర్థం ఉన్న మాట నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ కొట్టడమే అణచడం అయింది, అణచడం కాస్తా తగ్గించడం అయింది. దీని చుట్టాలు మనకు కొత్తవాళ్ళేమీ కాదు. ఆదాయపు పన్నులో వచ్చే 'రిబేట్' దీని తోబుట్టువు, అదీ తగ్గింపే. 'డిబేట్', 'కంబాట్' కూడా ఆ కొట్టడం అనే మూలం నుంచే వచ్చాయి.

అసలు అబేట్ అనే మాట ఇంగ్లండు, అమెరికాల్లోని కుర్రాళ్ళ కంటే మన కోర్టుల చుట్టూ తిరిగే రైతుకు ఎక్కువ తెలుసంటాను. సివిల్ దావా నడుస్తుండగా వాది గానీ ప్రతివాది గానీ చనిపోతే, వారి వారసులను రికార్డులోకి తీసుకురావడానికి 90 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువులో పిటిషను పడకపోతే చనిపోయిన మనిషి వరకు దావా 'అబేట్' అవుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 22 సంగతి ఇది. "కేసు అబేట్ అయిపోయిందండీ" అని ప్లీడరు గారు చెప్పగానే, ఇంగ్లీషు ముక్క రాని మనిషికి కూడా దాని బరువు అర్థమైపోతుంది. అంటే బేట్ పూర్తిగా చచ్చిపోయిన మాట కాదు. దాని ఇల్లు మారింది, అంతే. ఈ సంగతి తర్వాత మళ్ళీ పనికొస్తుంది.

ఈ జంటను జనం నోళ్ళలో వేసింది షేక్‌స్పియర్. 'ది మర్చంట్ ఆఫ్ వెనిస్' నాటకం మొదటి అంకం మూడో రంగంలో వస్తుంది. ఆంటోనియో అనే వ్యాపారి తన స్నేహితుడి కోసం వడ్డీవ్యాపారి షైలాక్ దగ్గరికి వచ్చి మూడు నెలలకు 3,000 డకెట్లు అప్పు అడుగుతాడు. అదే ఆంటోనియో అంతకుముందు షైలాక్‌ను కుక్క అని తిట్టాడు, మీద ఉమ్మేశాడు. అప్పుడు షైలాక్ అడుగుతాడు: ఇప్పుడు నేనేం చెయ్యాలి? నడుం వంచి, బానిస గొంతు పెట్టి, ఊపిరి తగ్గించుకుని, వినయంగా గుసగుసలాడుతూ, 'అయ్యా, పోయిన బుధవారం నా మీద ఉమ్మారు, ఆ మర్యాదలకు బదులుగా తమరికి ఇంత సొమ్ము అప్పిస్తాను' అనాలా?

ఇక్కడ ఆ ఊపిరి దేనికి తగ్గిందో గమనించండి. ఉత్కంఠతో కాదు. ఆఖరి ఓవర్ టెన్షన్ కాదు. దొర ముందు నిలబడ్డ మనిషి గొంతు పైకి రానివ్వకుండా, ఊపిరి కూడా గట్టిగా వదలకుండా మాట్లాడే తీరు అది. మన ఊళ్ళలో ఒకప్పుడు తువ్వాలు నడుముకు చుట్టుకుని మాట్లాడిన వాళ్ళ ఊపిరి. ఇవాళ పత్రికల్లో, టీవీల్లో ఆ మాట వాడే వాళ్ళలో ఒక్కరు కూడా ఆ అర్థంలో వాడటం లేదు. 'ఐ' లేకుండా సరిగ్గా రాసిన వాళ్ళు కూడా ఎదురుచూపు అనే అర్థంలోనే వాడుతున్నారు. అక్షరాలు అలాగే మిగిలాయి, లోపలి భావం ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసింది. అక్షరం తప్పిన వాళ్ళను అజ్ఞానులు అనే పెద్దమనిషి, అర్థం విషయంలో తనూ అదే బాటలో నడుస్తున్నాడు. మాటల అర్థాలు మారకూడదని నేను అనను. మారాయి, మారతాయి. కానీ తప్పు పట్టే వాళ్ళకు ఈ చరిత్ర తెలిసి ఉండాలి.

ఇక ఎర సంగతి. బేట్ అనే పాత క్రియ మామూలు మాటల్లోంచి తప్పుకున్నాక, బేటెడ్ అని చెవిన పడగానే బుర్ర తన దగ్గరున్న మాటల్లో వెతుక్కుంటుంది. అక్కడ ఆ శబ్దానికి సరిపోయే మాట ఒక్కటే ఉంది, గాలానికి గుచ్చే ఎర. అది నార్స్ భాష నుంచి వచ్చింది, 'కరిపించడం' దాని అసలు అర్థం. ఎర వేసినవాడు కూడా కదలకుండా, మాట్లాడకుండా, నీళ్ళ వంకే చూస్తూ కూర్చుంటాడు. ఎదురుచూపు ఉంది, ఉత్కంఠ ఉంది, కదలికలేని ఊపిరి ఉంది. అర్థం బాగానే కుదిరింది. పైగా ఇంటర్నెట్ వచ్చాక, ఊరించే శీర్షికలకు 'క్లిక్‌బేట్' అని పేరు పడ్డాక ఎర అనే మాట మునుపటికన్నా ఎక్కువగా కళ్ళ ముందు తిరుగుతోంది. ఆ 'ఐ' ఎలా వచ్చిందో ఇప్పుడు ఎవరికైనా తెలుస్తుంది.

ఇలాంటి తప్పులకు భాషావేత్తలు పెట్టుకున్న పేరు 'ఎగ్‌కార్న్'. అంటే గుడ్డు, గింజ కలిసిన మాట. ఆ పేరు వెనక కథ నాకు చాలా ఇష్టం. ఓక్ చెట్టు కాయను ఇంగ్లీషులో 'ఏకార్న్' అంటారు. దాన్ని ఒకావిడ 'ఎగ్ కార్న్' అని రాస్తుందని 2003లో మార్క్ లీబర్మన్ అనే భాషావేత్త ప్రస్తావించాడు. ఆ కాయను చూస్తే ఆవిడ మీద కోపం రాదు. గుడ్డు ఆకారంలో ఉంటుంది, ఒక చిన్న గిన్నెలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది, విత్తనమే కాబట్టి గింజ కూడా. ఇలాంటి తప్పులకు విడిగా పేరు లేదే అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ మాటనే పేరుగా పెట్టుకుందామని జెఫ్రీ పుల్లమ్ అన్నాడు. కొన్నేళ్ళకే అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది.

అసలు కథ ఇంకా వెనక్కి ఉంది. ఆవిడ పాడుచేసిందనుకుంటున్న ఏకార్న్ కూడా శుద్ధమైన రూపం కాదు. పాత ఇంగ్లీషులో దాని రూపం వేరు, చివర 'కార్న్' లేదు. పొలం, బీడు, బయలు నేల అనే అర్థం ఉన్న మాటకు చుట్టం అది. ఆ చుట్టమే మనం రోజూ కొలుచుకునే ఎకరం. బయలు నేలలో దొరికే కాయ అన్నది మొదటి భావం. ఆ చుట్టరికం జనం మరిచిపోయాక, ఓక్ చెట్టు కాయ కదా, గింజ కదా అని మధ్యయుగాల చివరి నాటికి ఓక్ కార్న్ అన్నట్టుగా రాయడం మొదలుపెట్టారు. ఆ తప్పుడు ఊహ వల్లనే చివర 'కార్న్' స్థిరపడింది. అంటే ఓక్ చెట్టు పేరు చెప్పి జనం ఒకసారి మార్చిన మాటను, గుడ్డు పేరు చెప్పి ఆవిడ రెండోసారి మార్చింది. మొదటి మార్పు నిఘంటువులో ఉంది. రెండోది నవ్వులపాలైంది.

ఎగ్‌కార్న్‌ను మామూలు స్పెల్లింగ్ తప్పు నుంచి ఎలా విడదీయాలి? రాసిన వాళ్ళను "ఇలా ఎందుకు రాశారు" అని అడగాలి. వేలు జారి ఒక అక్షరం ముందూ వెనకా పడితే "అయ్యో, చూసుకోలేదు" అంటారు. ఎగ్‌కార్న్ అయితే వాళ్ళ దగ్గర కారణం ఉంటుంది, తడుముకోకుండా చెబుతారు. శబ్దం దాదాపు అదే ఉండాలి, అర్థం కూడా ఎంతోకొంత అతకాలి. అర్థం అతకకపోతే అది వేరే జాతి. పెద్ద మాట వాడబోయి దాని పక్కింటి మాట వాడేసే పాత్ర ఒకటి 1775 నాటి ఇంగ్లీషు నాటకంలో ఉంది. ఆవిడ నైలు నది ఒడ్డున మొసలిని 'అలిగేటర్' అనబోయి, అన్యాపదేశ కథ అనే అర్థం ఉన్న 'అలెగొరీ' అంటుంది. అక్కడ నవ్వొచ్చేది అర్థం అతకలేదనే. ఎగ్‌కార్న్‌లో అర్థం అతుకుతుంది కాబట్టే అది ఎవరి కంటా పడకుండా సాగిపోతుంది. కంప్యూటర్లో స్పెల్లింగ్ చూసే సాఫ్ట్‌వేర్ కూడా దాని కింద ఎర్రగీత పెట్టదు. ఎర గుచ్చిన అనే మాట నిఘంటువులో ఉన్న మాటే కదా.

ఇప్పుడు రెండో జంటకు వస్తాను. ఇది మన తీరప్రాంతం వాళ్ళకు బాగా దగ్గరి మాట. తుపాను వచ్చిన ప్రతిసారీ ఇంగ్లీషు పత్రికల్లో 'రీక్ హావక్' కనిపిస్తుంది. విధ్వంసం సృష్టించింది అని అర్థం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడూ ఇదే మాట, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడూ ఇదే మాట. ఇందులో రీక్‌ను డబ్ల్యుతో మొదలుపెట్టి, మధ్యలో ఇ-ఎ పెట్టి రాయాలి. డబ్ల్యు లేకుండా రెండు 'ఇ'లతో రాస్తే కంపు కొట్టడం అవుతుంది.

మా ఆఫీసులో ఒక అమ్మాయి ఉండేది, శ్రీకాకుళం వైపు పిల్ల. తిత్లీ మీద తను రాసిన కథనంలో కంపు కొట్టే రీక్ వచ్చింది. డెస్కులో ఒక సీనియరు ఆ వాక్యాన్ని పదిమందికీ వినిపించి నవ్వించాడు. తర్వాత నేను ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మాట అలా ఎందుకు రాశావని అడిగాను.

"కంపే కదక్కా," అంది. "తుపాను పోయాక మా ఊళ్ళో ఎన్ని రోజులు కంపు కొట్టిందో. కోళ్ళు, గొడ్లు చచ్చిపోయాయి, పడిపోయిన చెట్లు నీళ్ళలో నాని కుళ్ళిపోయాయి. అది రాయడానికే ఆ మాట పెట్టారనుకున్నా."

ఆ సమాధానంలో నాకు అజ్ఞానం ఎక్కడా కనిపించలేదు. ఒక మాట విన్నది, తను చూసిన దానితో పోల్చుకుంది, సరిపోయింది, రాసింది. దిద్దాల్సిన తప్పే, కానీ నవ్వాల్సిన తప్పు కాదు. ఆ రోజు తనకు చెప్పినదాన్నే ఇక్కడా చెబుతాను, ఎందుకంటే ఇది వింటే ఆ డబ్ల్యు మళ్ళీ మర్చిపోలేం.

హావక్ అనేది మొదట్లో ఒక కేక. మధ్యయుగాల యుద్ధాల్లో సేనాపతి ఆ కేక వేస్తే సైనికులకు దోపిడీకి అనుమతి దొరికినట్టు. ఇక వరసలు లేవు, క్రమశిక్షణ లేదు, ఎవడికి దొరికింది వాడు దోచుకోవడమే. ఆ కేక ఎంత ప్రమాదకరమంటే, 1385లో రెండో రిచర్డ్ రాజు స్కాట్లండ్ మీదికి దండెత్తి పోతూ తన సైన్యానికి పెట్టిన నియమాల్లో, సొంతంగా హావక్ అని అరిచిన వాడి తల తీస్తామని రాయించాడు. షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్'లో ఆంటొని నోట ఈ కేకనే పలికించాడు. హావక్ అని అరిచి యుద్ధం అనే వేటకుక్కల్ని వదలడం అన్నది ఆ మాట.

ఇక డబ్ల్యుతో మొదలయ్యే రీక్. పాత ఇంగ్లీషులో దీని అర్థం తరిమేయడం, ఆపైన పగ తీర్చుకోవడం. ఊరి నుంచి తరిమేసిన మనిషిని కూడా దీని చుట్టమైన మాటతోనే పిలిచేవారు. ఇవాళ దిక్కులేనివాడు, దౌర్భాగ్యుడు అనే అర్థంలో వాడే 'రెచ్' అక్కణ్ణుంచి వచ్చిందే, అదీ డబ్ల్యుతోనే మొదలవుతుంది. అప్పట్లో ఆ డబ్ల్యు మౌనంగా ఉండేది కాదు. రాయడం, మణికట్టు, తప్పు అనే అర్థాలున్న ఇంగ్లీషు మాటలు మూడింటికీ ముందు డబ్ల్యు ఉంటుంది కదా, వాటిలో ఒకప్పుడు దాన్ని పలికేవారు. సుమారు 17వ శతాబ్దానికి ఆ పలకడం పోయింది. అక్షరం కాగితం మీద ఉండిపోయింది, శబ్దం నోట్లోంచి జారిపోయింది. అది జారిపోయిన దగ్గర్నుంచే పగ తీర్చుకునే రీక్, పొగ వదిలే రీక్ చెవికి ఒకటయ్యాయి. పొగ అని ఎందుకంటున్నానంటే, కంపు కొట్టే రీక్‌కు మొదటి అర్థం పొగ రావడమే. స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోకు 'ఆల్డ్ రీకీ' అని ముద్దుపేరు, పొగచూరిన ముసలిది అని. పొయ్యి పొగల రోజుల్లో పడ్డ పేరు.

మూడో రూపం ఇంకొకటి తిరుగుతోంది, 'రెక్ హావక్'. ఓడ బద్దలవడం, పాడుచేయడం అనే అర్థం ఉన్న రెక్‌ను ఇందులోకి తెస్తారు. తర్కం ప్రకారం చూస్తే ఇది అసలుకే ఎదురు. విధ్వంసాన్ని పాడుచేయడం అంటే విధ్వంసం ఆగిపోవాలి కదా. కానీ పుట్టుక చూస్తే ఇదే దగ్గరి చుట్టం. రెక్ కూడా తరమడం అనే ఆ మూలం నుంచే వచ్చింది, సముద్రం ఒడ్డుకు తరిమి పడేసిన శిథిలాలకు మొదట ఆ పేరు. కాబట్టి కంపు రీక్ రాసిన వాళ్ళు పరాయి మాటను తెచ్చారు, రెక్ రాసిన వాళ్ళు దాయాదిని తెచ్చారు. దాయాది అయినా సంతకం వేరు కాబట్టి దాన్నీ దిద్దుతాను.

అతిగా దిద్దేవాళ్ళు పడే గుంట ఇంకొకటి ఉంది. గతంలో జరిగిందని చెప్పడానికి కొందరు 'రాట్ హావక్' అని రాస్తారు. ఇది తప్పని, రీక్‌కు గతరూపం 'రీక్డ్' మాత్రమేనని కొందరు ఎర్ర ఇంకుతో కొట్టేస్తారు. రీక్‌కు గతరూపం రీక్డ్ అన్నది నిజమే. కానీ రాట్ అనేది రీక్ నుంచి వచ్చింది కాదు, పని చేయడం అనే 'వర్క్'కు పాత గతరూపం. ఇళ్ళ గేట్లకు వాడే 'రాట్ ఐరన్'లో ఉన్నది అదే, సుత్తితో కొట్టి పనితనం చూపించిన ఇనుము అని. 'వర్క్ హావక్' అని కూడా ఇంగ్లీషులో ఉంది, కాబట్టి దాని గతరూపంగా రాట్ హావక్ సరైన మాటే. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో సౌలు సంఘాన్ని పాడుచేసిన చోట రీకూ లేదు, వర్కూ లేదు, 'మేడ్ హావక్' అని ఉంది. హావక్ ఏ ఒక్క క్రియకో రాసిచ్చిన ఆస్తి కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఏకార్న్ ఒప్పయినప్పుడు, ఎర ఊపిరి ఎందుకు కాకూడదు? జనం రాసేదే భాష కదా, ఈ ఎడిటర్ల పట్టుదల దేనికి?

దీనికి నా సమాధానం 'బ్రైడ్‌గ్రూమ్' దగ్గర ఉంది. పెళ్ళికొడుకు అని మనందరికీ తెలిసిన మాట, శుభలేఖల మీద చూసే మాట. పాత ఇంగ్లీషులో దాని రెండో సగం గ్రూమ్ కాదు, 'గుమా'. గుమా అంటే మగమనిషి. పెళ్ళికూతురి మనిషి అని భావం. కొన్ని శతాబ్దాలకు గుమా అనే మాట ఇంగ్లీషులో పూర్తిగా చచ్చిపోయింది. విడిగా వాడే వాళ్ళు లేరు, దాంతో కట్టిన ఇంకో మాట కూడా వాడుకలో లేదు. ఒంటరిగా ఆ పెళ్ళి మాట చివర వేలాడుతూ ఉండిపోయింది. సుమారు 16వ శతాబ్దంలో దాని స్థానంలోకి గ్రూమ్ వచ్చింది. గ్రూమ్ అంటే అప్పట్లో కుర్రాడు, పనివాడు. గుర్రాల సాలలో పనిచేసే వాణ్ణి ఇప్పటికీ గ్రూమ్ అంటారు. పెళ్ళికొడుకు పేరులోకి పనివాడు దూరాడన్నమాట. ఇవాళ ఎవరైనా దాన్ని దిద్ది గుమా అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ఆ దిద్దుబాటు వల్ల బాగుపడేది ఏమీ లేదు. గుమాకు ఇంగ్లీషులో చుట్టాలు లేరు, అది తిరిగొచ్చినా ఆదుకునే ఇల్లు లేదు.

నేను గీత గీసేది ఇక్కడే. పాత మాటకు బంధువులు బతికి ఉన్నంత కాలం దాన్ని నిలబెట్టాలి. బేట్‌కు అబేట్ ఉంది, రిబేట్ ఉంది. కోర్టులో దావా అబేట్ అవుతుంది, వాన అబేట్ అవుతుంది, రొద అబేట్ అవుతుంది. ఊపిరి ఎందుకు కాకూడదు? ఆ 'ఐ' చేర్చామంటే ఊపిరిని ఆ కుటుంబం నుంచి విడదీసి గాలానికి తగిలించినట్టే. చదివే వాళ్ళకు కూడా నష్టమే. కన్నీళ్ళు తెప్పించే చోట, ఐసీయూ బయట కూర్చున్న తల్లి గురించి చెబుతున్నప్పుడు, ఆ 'ఐ' వల్ల తెలిసిన పాఠకుడి కళ్ళ ముందు వానపాము మెదులుతుంది. ఆ తల్లి మీది నుంచి చూపు తొలగడానికి అది చాలు. రీక్ విషయమూ అంతే. పగ తీర్చుకోవడం అనే అర్థంలో ఇంగ్లీషులో ఆ మాటను ఇప్పటికీ విడిగా వాడుతున్నారు.

మన భాషలోనూ ఇలా జంటలో మాత్రమే బతుకుతున్న మాటలు ఉన్నాయి. గొడ్డూ గోదా అంటాం, గోద అంటే ఎద్దు అని చాలామందికి తెలియదు. కానీ తెలుగులో చెవికి వినిపించింది వినిపించినట్టే రాస్తాం కాబట్టి, గోదకు వేరే స్పెల్లింగ్ పుట్టే అవకాశం లేదు. ఇంగ్లీషులో వేర్వేరు అక్షరాలతో ఒకే శబ్దం వచ్చే మాటలు లెక్కలేనన్ని. పాత మాట మరుగున పడగానే దాని కుర్చీలో కూర్చోవడానికి అదే గొంతు ఉన్న ఇంకో మాట సిద్ధంగా ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో నేను బి-ఎ-టి అంటూ అక్షరాలు విడివిడిగా పలకాల్సి వస్తోంది. తెలుగు లిపిలో రాస్తే రెండు బేటెడ్‌లూ ఒకటే, రెండు రీక్‌లూ ఒకటే.

మా తరం ఇంగ్లీషును కళ్ళతో నేర్చుకుంది. పాఠ్యపుస్తకం, డిక్షనరీ, డిక్టేషన్ కాపీ. బేటెడ్ బ్రెత్ మాకు మొదట పేజీ మీద కనిపించింది, ఎవరైనా పలకగా వినడం చాలా తర్వాత జరిగింది. అందువల్ల మాకు ఉచ్చారణ తప్పులు ఎక్కువ, ఈ రకం తప్పులు తక్కువ. ఇంగ్లీషు తల్లిభాష అయిన వాళ్ళకు సరిగ్గా ఇందుకు తిరగేసి, వాళ్ళు ముందు చెవితో నేర్చుకుంటారు, తర్వాత రాస్తారు. నేను దిద్దే కాపీల్లో కొన్నేళ్ళుగా చూస్తున్న మార్పు ఏమిటంటే, మన పిల్లలూ ఇప్పుడు చెవితోనే నేర్చుకుంటున్నారు. యూట్యూబ్, వెబ్ సిరీస్‌లు, పాడ్‌కాస్ట్‌లు. ఉచ్చారణ చక్కగా ఉంటుంది, మాట వాడే సందర్భం కూడా సరిగ్గా పట్టుకుంటారు. ఎగ్‌కార్న్‌లు మాత్రం పెరిగాయి. కాబట్టి ఎవరైనా ఎర ఊపిరి రాస్తే ఆ పిల్ల ఇంగ్లీషును బతికున్న భాషగా, విని నేర్చుకుందని నాకు అర్థమవుతుంది. ఆ మాట ఇంకా పుస్తకంలో తగల్లేదని కూడా అర్థమవుతుంది. రెండో సంగతికి మందు ఉంది. మొదటిదాన్ని ఎగతాళి చేసి పోగొట్టకూడదు.

ఆ మందు కూడా స్పెల్లింగ్ బట్టీ పట్టించడం కాదు. ఒకే శబ్దం ఉన్న మాటలు జంటలు జంటలుగా రాసి వల్లె వేయించడం వల్ల ఉపయోగం లేకపోగా, రెండూ పక్కపక్కన గుర్తుండిపోయి తర్వాత ఏది ఏదో తెలియక తికమకపడతారు. ఆ మాట చుట్టాన్ని చూపిస్తే సరిపోతుంది. బేటెడ్ దగ్గర రిబేట్ గుర్తు చేయండి, అందులో 'ఐ' లేదు, ఇందులోనూ ఉండదు. డబ్ల్యు రీక్ దగ్గర ఓడ బద్దలైన రెక్‌ను గుర్తు చేయండి, ఇద్దరి ఇంటి పేరూ డబ్ల్యు. రాజకీయ వార్తల్లో పార్టీ గీత దాటని ఎమ్మెల్యేల గురించి రాసేటప్పుడు 'టో ద లైన్' వస్తుంది కదా, అక్కడా ఇంతే. దాన్ని తాడు కట్టి లాగే టో అనుకుని ఓ-డబ్ల్యు పెడతారు. అసలుది కాలి బొటనవేలు. గీత మీద బొటనవేలు ఆనించి వరసలో నిలబడటం. ఆ బొమ్మ ఒకసారి కళ్ళకు కట్టిందంటే ఇక తాడు జోలికి పోరు.

ఆ 'ఐ'ని నేను కొట్టేయని చోటు ఒకటి ఉంది. చీజ్ ముక్క మింగిన పిల్లి ఎలుక కన్నం ముందు కూర్చుని, ఆ వాసన లోపలికి పోయేలా కన్నంలోకి ఊపిరి వదులుతూ ఎలుకల్ని బయటికి రప్పిస్తుందని ఇంగ్లీషులో ఒక చిన్న సరదా పద్యం ఉంది. కవి అక్కడ కావాలనే 'ఐ' పెట్టాడు. ఆ పిల్లి ఊపిరి నిజంగానే ఎర వేసిన ఊపిరి. అలాంటి వాక్యం నా టేబుల్ మీదికి వస్తే, పొరపాటు అనుకుని ప్రెస్సులో ఎవరూ దిద్దకుండా దాని పక్కన 'ఇలాగే ఉంచండి' అని రాస్తాను.